కాంట్రాక్టర్‌పై కఠినమైన రివ్యూ: పరువు నష్టం ఫిర్యాదుకు తావివ్వకుండా ఎలా రాయాలి

ఇంటి పని చెడగొట్టిన కాంట్రాక్టర్ గురించి రాసే రివ్యూలో ప్రమాదం సాధారణంగా పని గురించి రాసిన వాక్యాల్లో ఉండదు, ఆ పని చేసినవారి మనసులో ఏముందో చెప్పే వాక్యాల్లో ఉంటుంది. "స్నానాల గది నేల నుంచి కింది గది పైకప్పులోకి నీరు దిగుతోంది" అన్నది ఎవరైనా వచ్చి చూడగలిగిన విషయం. "కావాలనే మోసం చేశాడు" అన్నది ఎవరూ చూడలేనిది, రాసిన మీరు కూడా చూడనిది. మొదటి మాటకు ఫొటో, తేదీ, ఒక సాక్షి ఉంటే సరిపోతుంది. రెండవ మాటను నిలబెట్టుకోవాలంటే ఎదుటివారి ఉద్దేశాన్ని రుజువు చేయాలి, అది పోలీసు దర్యాప్తుకే కష్టమైన పని.

అమెరికాలోని వర్జీనియాలో 2012లో జరిగిన ఒక వివాదం ఈ తేడాను బాగా చూపిస్తుంది. ఒక ఇంటి యజమానురాలు తన ఇంట్లో పని చేసిన కాంట్రాక్టర్ గురించి ఆన్‌లైన్ రివ్యూలు రాశారు. ఇంటికి నష్టం జరిగిందని, చేయని పనికి బిల్లు వేశారని రాయడంతో ఆగకుండా, ఇంట్లో నగలు పోయాయని, తాళంచెవి ఉన్నది ఆ కాంట్రాక్టర్ దగ్గరేనని కూడా రాశారు. దొంగ అన్న మాట వాడకపోయినా చదివినవారికి అర్థమయ్యేది అదే. కాంట్రాక్టర్ 7,50,000 డాలర్లకు పరువు నష్టం దావా వేశారు. రివ్యూలోని కొన్ని భాగాలు తీసేయాలని కింది కోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వును రాష్ట్ర సుప్రీంకోర్టు కొద్ది వారాల్లోనే కొట్టేసింది. 2014 జనవరిలో జ్యూరీ, యజమానురాలు కాంట్రాక్టర్ పరువుకు, ఆన్‌లైన్‌లో ఇచ్చిన జవాబుల ద్వారా కాంట్రాక్టర్ యజమానురాలి పరువుకు భంగం కలిగించారని తేల్చి, ఎవరికీ పరిహారం ఇవ్వలేదు. ఎవరూ గెలవని ఆ కేసు ఇద్దరినీ ఏడాదికి పైగా కోర్టు చుట్టూ తిప్పింది.

అందువల్ల ఈ వ్యాసంలో చెప్పే పద్ధతి అంతా ఒక్క సూత్రం మీద నడుస్తుంది: పనిని ఎంత కఠినంగానైనా వర్ణించండి, మనిషి ఉద్దేశం జోలికి వెళ్లకండి. ఉదాహరణగా ఒక స్నానాల గది పునర్నిర్మాణాన్ని కల్పించుకుని, కోపంతో రాసిన చిత్తుప్రతి నుంచి ప్రచురించదగిన రివ్యూ వరకు ఒక్కొక్క అడుగూ వేద్దాం.

మొదటి అడుగు: రాయడానికి ముందు ఆధారాలు పోగుచేయండి

చాలామంది ముందు రివ్యూ రాసి, నోటీసు వచ్చాక ఆధారాలు వెతుకుతారు. ఈ క్రమాన్ని తిరగేయాలి. కొటేషన్, అగ్రిమెంట్, బిల్లులు, చెల్లింపుల వివరాలు, మెసేజ్‌లు, ఫొటోలు అన్నీ ఒకచోట చేర్చి తేదీల వరుసలో పెట్టండి. ఫొటోల అసలు ఫైళ్లను తీసిన ఫోన్‌లోనే గాని, ఎలాంటి మార్పూ లేకుండా కాపీ చేసిన డిస్క్‌లో గాని ఉంచుకోండి. మెసేజ్ యాప్‌ల ద్వారా పంపిన ఫొటోలో తీసిన సమయం వంటి అంతర్గత వివరాలు తరచుగా తొలగిపోతాయి, కాబట్టి మీ దగ్గర మిగిలిన ప్రతి అలా పంపినదే అయితే దాని విలువ తగ్గుతుంది. ఫోన్‌లో మాట్లాడుకున్న విషయాలకు రికార్డు ఉండదు. అందుకే ఏ ముఖ్యమైన మాట అనుకున్నా "ఈ రోజు మీరు ఫలానా తేదీకి వస్తామని చెప్పారు" అని వెంటనే ఒక మెసేజ్ పంపే అలవాటు ఎంతో ఉపయోగపడుతుంది.

మన ఉదాహరణలో ఆధారాలు ఇలా ఉన్నాయి. అగ్రిమెంట్ ప్రకారం పని మార్చి 3న మొదలై 30 రోజుల్లో పూర్తి కావాలి. చెల్లింపు నాలుగు వాయిదాల్లో జరగాలి. టైల్స్ వేయకముందే నేలకు రెండు పూతల వాటర్‌ప్రూఫింగ్ చేసి, 24 గంటలు నీళ్లు నిలబెట్టి పరీక్షించాలి. ఏప్రిల్ 9న మూడవ వాయిదా చెల్లించారు, ఆ బిల్లులో "వాటర్‌ప్రూఫింగ్ పూర్తి" అని రాసి ఉంది. పనివాళ్లు చివరిసారి వచ్చింది ఏప్రిల్ 11న. ఆ తర్వాత పంపిన మూడు మెసేజ్‌లలో మొదటిదానికి మాత్రమే "వచ్చే వారం వస్తాం" అని జవాబు వచ్చింది. మే 6న కింది గది పైకప్పు మీద తడి మరక కనిపించింది.

ఇక్కడే ఒక ముఖ్యమైన జాగ్రత్త ఉంది. మరక కనిపించగానే వాటర్‌ప్రూఫింగ్ చేయలేదని నిర్ధారణకు రావడం సహజమే గాని, స్నానాల గది కింద మరకకు కనీసం మూడు కారణాలు ఉండవచ్చు: నీళ్లు తెచ్చే పైపు లీకు కావడం, నీళ్లు బయటికి పోయే పైపు అతుకు దగ్గర లీకు కావడం, నేల పూత విఫలం కావడం. తెచ్చే పైపులను ఒత్తిడి పరీక్షతో చూస్తారు. పైపులో ఒత్తిడి పెట్టి కుళాయిలన్నీ మూసి ఉంచినప్పుడు మీటరు ముల్లు కిందికి దిగితే లీకు ఉన్నట్టు. అది నిలకడగా ఉంటే, నేల మీది జాలీ రంధ్రాన్ని బిగుతుగా మూసి నీళ్లు నిలబెడతారు. అప్పుడు కింద తడి పెరిగితే అనుమానం నేల మీదికి వస్తుంది. నీళ్లు నిలిచినంతసేపూ తడి రాకుండా, మూత తీసి నీళ్లు వదిలాక వస్తే పోయే పైపును అనుమానించాలి. ఈ తేడా తెలుసుకోకుండా రాసిన రివ్యూలో ప్రధాన ఆరోపణే తప్పు కావచ్చు. తప్పు కారణాన్ని ప్రచురించినవారిని ఏ సదుద్దేశమూ పూర్తిగా కాపాడదు.

మరొక పనివారిని పిలిచి పగలగొట్టించే ముందు, పాత కాంట్రాక్టర్‌కు రాతపూర్వకంగా చెప్పి, వచ్చి చూసుకోవడానికి ఒక తేదీ ఇవ్వండి. పగలగొట్టాక అసలు స్థితి మిగలదు గనుక, "నేను చేసింది బాగానే ఉంది, వాళ్లే పాడుచేశారు" అనే వాదనకు ముందుగానే జవాబు సిద్ధమవుతుంది. మన ఉదాహరణలో యజమాని అలా తెలియజేశారు, ఎవరూ రాలేదు. మే 12న వచ్చిన మరొక వాటర్‌ప్రూఫింగ్ పనివారు పైపుల్లో ఒత్తిడి నిలబడిందని, జాలీ మూసి నీళ్లు నిలబెడితే కింద తడి పెరిగిందని, జాలీ పక్కన తీసిన ఆరు టైల్స్ కింద పూత కనిపించలేదని రాసి సంతకం చేశారు. ఆరు టైల్స్ కింద లేదన్నది తెలిసిన విషయం, నేల మొత్తం కింద లేదన్నది తెలియని విషయం. రివ్యూ రాసేటప్పుడు ఈ హద్దును దాటకూడదు.

రెండవ అడుగు: కోపాన్ని కాగితం మీద పెట్టండి, ప్రచురించకండి

చిత్తుప్రతిని రివ్యూ పెట్టెలో నేరుగా రాయవద్దు, వేరే చోట రాసుకోండి. అందులో అనాలనిపించినదంతా రాసేయండి, ఎందుకంటే తర్వాతి అడుగులో ఆ వాక్యాలనే జల్లెడ పట్టాలి. మన యజమాని రాసుకున్న చిత్తుప్రతి ఇది:

"ఈ కాంట్రాక్టర్ పచ్చి మోసగాడు. వాటర్‌ప్రూఫింగ్ చేయకుండానే చేశానని చెప్పి డబ్బు కాజేశాడు. నాసిరకం సామాను వాడి తేడా జేబులో వేసుకున్నాడు. డబ్బు చేతిలో పడగానే పారిపోయాడు. అసలు లైసెన్స్ ఉందా? ఇంకా ఎంతమందిని ముంచాడో! పని జరిగిన రోజుల్లో మా ఇంట్లో ఒక వస్తువు కూడా కనిపించకుండా పోయింది, మీరే అర్థం చేసుకోండి."

ఇందులో ప్రతి వాక్యమూ న్యాయమైన బాధలోంచే వచ్చింది. అయినా ప్రచురించదగిన వాక్యం ఒక్కటీ లేదు.

మూడవ అడుగు: ఒక్కొక్క వాక్యాన్ని "దీన్ని ఏ కాగితం చూపిస్తుంది?" అని అడగండి

"పచ్చి మోసగాడు" అన్నదాన్ని సాధారణ తిట్టుగా భావించి వాడతారు గాని, అది ఒక నేరాన్ని ఆరోపించే మాటగా కూడా చదవబడుతుంది. మోసం అంటే మొదటి నుంచే ఒప్పందం నిలబెట్టుకునే ఉద్దేశం లేకుండా డబ్బు తీసుకోవడం. పని సగంలో ఆగిపోవడానికి అది ఒక కారణం కావచ్చు. చేతకానితనం, మనుషుల కొరత, వేరే పనిలో ఇరుక్కోవడం కూడా కారణాలు కావచ్చు. మీకు తెలిసింది ఫలితం మాత్రమే. ఈ వాక్యాన్ని పూర్తిగా తీసేయాలి.

చాలామంది ఇలాంటి మాటకు ముందు "నా అభిప్రాయంలో" అని చేర్చితే చాలనుకుంటారు. అది రక్ష కాదు. అమెరికా సుప్రీంకోర్టు 1990లో ఇచ్చిన ఒక తీర్పులో ఈ సంగతి స్పష్టం చేసింది: నిజమో అబద్ధమో తేల్చగల విషయాన్ని అభిప్రాయం రూపంలో చెప్పినంత మాత్రాన అది ఆరోపణ కాకుండా పోదు. ఇంగ్లండ్, వేల్స్‌లో 2013 పరువు నష్టం చట్టం నిజాయితీ గల అభిప్రాయానికి రక్షణ ఇస్తుంది, అయితే ఆ అభిప్రాయానికి ఆధారమేమిటో రాసినదాంట్లోనే సూచించి ఉండాలి, ఆ ఆధారాల మీద నిజాయితీపరుడెవరైనా అలా అనుకోగలిగి ఉండాలి. కాబట్టి అభిప్రాయానికి చోటు ఉంది, అది వాస్తవాల తర్వాత, వాటి మీద ఆధారపడినట్టు కనిపించేలా రావాలి. "వీరికి మళ్లీ పని ఇవ్వను" అనే వాక్యం అలాంటిది. ఎన్ని నక్షత్రాలు ఇస్తారన్నది కూడా అభిప్రాయమే, కనుక ఒక్క నక్షత్రం ఇవ్వడానికి సంకోచించనక్కరలేదు.

రెండవ వాక్యం, "వాటర్‌ప్రూఫింగ్ చేయకుండానే చేశానని చెప్పి", ఈ రివ్యూకు గుండెకాయ. దీన్ని తీసేయకూడదు, విడగొట్టాలి. బిల్లులో ఏమి రాసి ఉంది, తర్వాత ఏమి కనిపించింది అనే రెండు విషయాలను పక్కపక్కన పెడితే చాలు: "ఏప్రిల్ 9 నాటి బిల్లులో వాటర్‌ప్రూఫింగ్ పూర్తి అని ఉంది. మే 12న జాలీ పక్కన ఆరు టైల్స్ తీసి చూసినప్పుడు ఆ భాగంలో పూత కనిపించలేదు." మధ్యలో "అబద్ధం" అన్న మాట లేకపోయినా పాఠకుడు రెండు వాక్యాలనూ తానే కలుపుకుంటాడు. నా దృష్టిలో రివ్యూలో అన్నిటికంటే కఠినమైన వాక్యాలు ఇలాంటివే, వీటికి జవాబు చెప్పాలంటే కాంట్రాక్టర్ తిట్లను కాక బిల్లును, ఫొటోను ఎదుర్కోవలసి వస్తుంది.

"నాసిరకం సామాను వాడి తేడా జేబులో వేసుకున్నాడు" అన్నదాంట్లో మొదటి సగానికి ఆధారం ఉండవచ్చు, రెండవ సగానికి ఉండే అవకాశం చాలా తక్కువ. అగ్రిమెంట్‌లో ఒక రకం పైపు రాసి ఉండి, గోడలో వేరే రకం కనిపిస్తే, ఆ రెండు పేర్లనూ రాయండి. మన యజమాని దగ్గర అలాంటి పోలిక ఏదీ లేదు, సామాను చూడ్డానికి బాగాలేదన్న భావన మాత్రమే ఉంది. కాబట్టి ఈ వాక్యం మొత్తం పోతుంది. ఇలా వదులుకోవడం బాధగా ఉంటుంది, కానీ బలహీనమైన ఒక్క వాక్యం పక్కనున్న నాలుగు గట్టి వాక్యాలను కూడా కోర్టు దాకా లాక్కుపోగలదు.

"డబ్బు చేతిలో పడగానే పారిపోయాడు" అన్నదాన్ని తేదీలుగా మార్చాలి. ఏప్రిల్ 9న వాయిదా అందింది, 11 తర్వాత ఎవరూ రాలేదు, మూడు మెసేజ్‌లకు ఒక్క జవాబే వచ్చింది. పారిపోవడం అన్న మాటలో దాక్కునే ఉద్దేశం ఉంది, రాలేదు అన్న మాటలో ఆ ఉద్దేశం లేదు.

"అసలు లైసెన్స్ ఉందా?" అన్నది ప్రశ్నగా ఉంది కాబట్టి ఆరోపణ కాదని అనుకోవద్దు. చదివినవారికి లైసెన్స్ లేదనే అర్థమే మిగులుతుంది. భారతదేశంలో పరువు నష్టం నేరాన్ని నిర్వచించే సెక్షన్‌లోని ఒక వివరణ, వ్యంగ్యంగా గాని, ఇదో అదో అన్నట్టు ప్రత్యామ్నాయంగా గాని చెప్పిన నింద కూడా నిందే కావచ్చని చెబుతుంది. ఇతర దేశాల కోర్టులు కూడా సాధారణ పాఠకుడు ఏమి అర్థం చేసుకుంటాడన్నదే చూస్తాయి. మీ దగ్గర ఇలాంటి పనికి లైసెన్స్ తప్పనిసరి అయి, అధికారిక జాబితా ఆన్‌లైన్‌లో ఉంటే, వెతికి చూసి, "ఫలానా తేదీన ఆ జాబితాలో ఈ సంస్థ పేరుతో వెతికినప్పుడు నాకు కనిపించలేదు" అని మాత్రమే రాయండి. సంస్థ వేరే పేరుతో నమోదై ఉండవచ్చు గనుక ఆ వాక్యంలో వెతికిన పేరు, తేదీ రెండూ ఉండాలి. వెతకకపోతే ప్రశ్నను తీసేయండి.

"ఇంకా ఎంతమందిని ముంచాడో" అన్నదానికి మీ దగ్గర ఏ ఆధారమూ లేదు. మీకు తెలిసింది మీ ఇల్లు ఒక్కటే. పక్కింటివారు చెప్పినది నిజమే అయినా, విన్న నిందను మళ్లీ ప్రచురించినవారు దానికి తామే బాధ్యులవుతారన్నది చాలా దేశాల్లో పాటించే నియమం. పక్కింటివారు కావాలంటే తమ రివ్యూ తామే రాసుకోవాలి.

చివరి వాక్యం అన్నిటికంటే ప్రమాదకరమైనది, వర్జీనియా కేసులో ఇబ్బంది తెచ్చిన వాక్యం ఈ తరహాదే. వస్తువు పోవడం నిజం కావచ్చు, పనివాళ్లు ఇంట్లోకి వచ్చింది నిజం కావచ్చు. ఆ రెండు నిజాలను పక్కపక్కన పెడితే మీరు చూడని మూడవ విషయం పుడుతుంది. బిల్లును, పూతను పక్కపక్కన పెట్టినప్పుడు కూడా ఒక భావం పుట్టింది కదా అని మీరు అడగవచ్చు. అక్కడ రెండూ ఒకే పనికి సంబంధించినవి, రెండింటికీ ఆధారం ఉంది, వాటి మధ్య సంబంధాన్ని అగ్రిమెంటే ఏర్పరిచింది. ఇక్కడ వస్తువుకు, పనివాళ్లకు సంబంధం ఉందని చూపేది ఏదీ లేదు. ఆ అనుమానం చెప్పుకోవలసిన చోటు పోలీస్ స్టేషన్. అధికారం ఉన్నవారికి సదుద్దేశంతో ఇచ్చే ఫిర్యాదును చట్టం బహిరంగ ప్రచురణకంటే చాలా ఉదారంగా చూస్తుంది.

నాలుగవ అడుగు: మీకు అనుకూలం కాని వాస్తవాలను కూడా చేర్చండి

ప్రతి వాక్యమూ నిజమైనా మొత్తం చిత్రం అబద్ధం కావచ్చు. కాంట్రాక్టర్ సగం డబ్బు తిరిగి ఇచ్చి ఉంటే, మధ్యలో మీరే టైల్స్ రకం మార్చి ఆలస్యానికి కొంత కారణమై ఉంటే, చివరి వాయిదా మీరు చెల్లించకుండా ఆపి ఉంటే, వాటిని దాచిన రివ్యూను ఎదుటి న్యాయవాది మొదట అక్కడే పట్టుకుంటారు. మన ఉదాహరణలో నాలుగవ వాయిదా చెల్లించలేదు. ఆ మాట రాయడం వల్ల రివ్యూ బలహీనపడదు. పైగా, గోడ టైల్స్ వరుసలు చక్కగా వేశారన్న ఒక్క నిజం చెబితే, ఇది పగతో రాసినది కాదని చదివేవారికి తెలుస్తుంది.

నిజం ఎంత మేరకు రక్షిస్తుందన్నది దేశాన్ని బట్టి మారుతుందని ఇక్కడ గుర్తుంచుకోవాలి. ఇంగ్లండ్ చట్టంలో ఆరోపణ గణనీయంగా నిజమని చూపితే చాలు, చిన్న పొరపాట్లు రక్షణను పోగొట్టవు. భారతదేశంలో సివిల్ దావాకు నిజం పూర్తి జవాబే, కానీ క్రిమినల్ ఫిర్యాదులో, అంటే 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద, నిజం అనే మినహాయింపు దొరకాలంటే ఆ మాట ప్రచురించడం ప్రజాహితానికి అవసరమని కూడా చూపాలి. ఇతర వినియోగదారులకు ఉపయోగపడే పని వివరాలకు ప్రజాహితం సులభంగా చెప్పుకోవచ్చు. కాంట్రాక్టర్ కుటుంబం గురించో, అలవాట్ల గురించో రాసిన నిజానికి అలా చెప్పుకోలేరు. అందుకే వ్యక్తిగత విషయాలు నిజమైనా రివ్యూలో ఉండకూడదు. సంస్థ పేరు చాలు. పనివాళ్ల పేర్లు, ముఖాలు, ఫోన్ నంబర్లు, ఇంటి చిరునామాలు వద్దు. ఫొటోల్లో లోపం మాత్రమే కనిపించాలి.

ఐదవ అడుగు: తిరగరాసిన రూపం

"స్నానాల గది పునర్నిర్మాణానికి ఈ సంస్థతో మార్చి 3న పని మొదలుపెట్టించాను. అగ్రిమెంట్ ప్రకారం 30 రోజుల్లో పూర్తి కావాలి. ఏప్రిల్ 9న మూడవ వాయిదా చెల్లించాను. పనివాళ్లు చివరిసారి ఏప్రిల్ 11న వచ్చారు, పని ఇప్పటికీ పూర్తి కాలేదు. ఆ తర్వాత నేను పంపిన మూడు మెసేజ్‌లలో ఒకదానికి 'వచ్చే వారం వస్తాం' అని జవాబు వచ్చింది, ఎవరూ రాలేదు. మే 6న కింది గది పైకప్పు మీద తడి మరక కనిపించింది. టైల్స్ వేయకముందు రెండు పూతల వాటర్‌ప్రూఫింగ్ చేయాలని అగ్రిమెంట్‌లో ఉంది, అది పూర్తయిందని ఏప్రిల్ 9 నాటి బిల్లులో ఉంది. మే 12న వేరే పనివారు జాలీ పక్కన ఆరు టైల్స్ తీసినప్పుడు ఆ భాగంలో పూత కనిపించలేదు, ఫొటోలు జత చేశాను. వచ్చి చూడమని ముందుగా తెలియజేశాను, స్పందన రాలేదు. గోడ టైల్స్ పని నీటుగా ఉంది. నాలుగవ వాయిదా నేను చెల్లించలేదు. ఈ కారణాల వల్ల వీరికి మళ్లీ పని ఇవ్వను, నా అనుభవం దృష్ట్యా ఎవరికీ సిఫారసు చేయలేను."

మొదటి చిత్తుప్రతితో పోల్చి చూడండి. ఇందులో ఒక్క తిట్టు లేదు, కానీ ఇల్లు బాగుచేయించుకోవాలనుకునే పాఠకుడికి ఏది ఎక్కువ భయం కలిగిస్తుందో చెప్పనక్కరలేదు. మోసగాడు అన్న రివ్యూలు అందరి మీదా ఉంటాయి. ఆరు టైల్స్ తీసి చూసిన రివ్యూ అరుదు.

పెట్టే ముందు ఈ రివ్యూను ఒకసారి కాగితాల పక్కన పెట్టుకుని చదవండి. ప్రతి తేదీనీ, ప్రతి సంఖ్యనూ వేలుపెట్టి సరిచూడండి. ఏప్రిల్ 9ని 6గా రాయడం వల్ల కేసు ఓడిపోకపోవచ్చు, కానీ "ఈమె రాసిన తేదీలే తప్పు" అనే మాట మొత్తం రివ్యూ మీద అనుమానం పుట్టించగలదు. ఒక రాత్రి గడవనిచ్చి ఉదయం మళ్లీ చదివితే, కంటికి ఆనని విశేషణాలు అప్పుడు దొరుకుతాయి.

ఆరవ అడుగు: పెట్టే ముందు రెండు ఉచ్చులు

మొదటిది అగ్రిమెంట్‌లోనే ఉండవచ్చు. కొందరు కాంట్రాక్టర్లు సంస్థ గురించి ప్రతికూలంగా రాయకూడదనే షరతును చిన్న అక్షరాల్లో చేరుస్తారు. అమెరికాలో 2016లో చేసిన ఫెడరల్ చట్టం, వినియోగదారులు చర్చించి మార్చుకునే వీలులేని ముద్రిత ఒప్పందాల్లో ఇలాంటి షరతులు చెల్లవని చెప్పింది. అన్నిచోట్లా అలాంటి చట్టం లేదు. వివాదం రాజీ చేసుకుని డబ్బు తిరిగి పుచ్చుకున్నప్పుడు సంతకం చేసిన కాగితంలో అలాంటి షరతు ఉంటే, దానికి కట్టుబడవలసి రావచ్చు, అది వేరే సంగతి. కాబట్టి రెండు కాగితాలూ చదవండి.

రెండవది మీరే వేసుకునే ఉచ్చు. "డబ్బు తిరిగి ఇవ్వకపోతే రివ్యూ పెడతాను" అని మెసేజ్ పంపకండి. పరిహారం అడగడం మీ హక్కు, నిజమైన రివ్యూ రాయడమూ మీ హక్కు. ఆ రెండింటినీ ఒకే వాక్యంలో ముడిపెడితే అది బెదిరించి డబ్బు గుంజడంగా చిత్రించడానికి వీలిచ్చే కాగితం ఎదుటివారి చేతికి వెళుతుంది, మీ సదుద్దేశం మీద కూడా ప్రశ్న లేస్తుంది. పరిహారం కోరే ఉత్తరంలో లోపాలు, గడువు తేదీ మాత్రమే ఉండాలి, రివ్యూ ప్రస్తావన ఉండకూడదు.

రివ్యూ ఒక్కసారే, మీ స్వంత ఖాతా నుంచే పెట్టండి. బంధువులతో, స్నేహితులతో అదే అనుభవం తమదైనట్టు రాయించడం అబద్ధపు ప్రచురణ అవుతుంది, అది బయటపడితే మీ నిజమైన రివ్యూ కూడా దానితో పాటే కూలిపోతుంది.

ఏడవ అడుగు: పెట్టిన తర్వాత

ఇంత జాగ్రత్త పడినా కాంట్రాక్టర్ కేసు వేయకుండా ఆపలేరు. ఎవరైనా ఎవరి మీదైనా ఫిర్యాదు చేయగలరు. మీ జాగ్రత్త ఆ ఫిర్యాదు నిలబడే అవకాశాన్ని తగ్గిస్తుంది, అంతే. పెట్టిన రివ్యూ పూర్తి పేజీని తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. కాంట్రాక్టర్ బహిరంగంగా కోపంగా జవాబిస్తే వాదనకు దిగకండి, ఎందుకంటే జాగ్రత్తగా రాసిన రివ్యూ కింద అజాగ్రత్తగా రాసిన ఒక్క వ్యాఖ్య వల్ల కేసులో పడవచ్చు. పైన చెప్పిన వర్జీనియా కేసులో కాంట్రాక్టర్‌కు ఎదురుదెబ్బ తగిలింది ఆయన రాసిన జవాబుల వల్లే. వారు తిరిగి వచ్చి లోపం సరిచేస్తే, పాత వాక్యాలను చెరపకుండా కింద తేదీతో ఒక చేర్పు రాయండి: "జూన్ 4న సంస్థ వచ్చి నేలను మళ్లీ చేసింది, నీళ్లు నిలబెట్టి చూస్తే తడి రాలేదు." వారు చూపిన ఆధారంతో మీ వాక్యమేదైనా తప్పని తేలితే వెంటనే సరిదిద్ది, సరిదిద్దినట్టు చెప్పండి.

ఆధారాలను పని ముగిసిందని పారేయకండి. ఇంగ్లండ్‌లోనూ భారతదేశంలోనూ పరువు నష్టం సివిల్ దావాకు గడువు ఒక ఏడాది, భారతదేశంలో క్రిమినల్ ఫిర్యాదుకు మూడేళ్ల వరకు వీలుంది. కనీసం అంతకాలం ఫొటోల అసలు ఫైళ్లు, రెండవ పనివారి సంతకం ఉన్న కాగితం భద్రంగా ఉండాలి.

లీగల్ నోటీసు వస్తే భయంతో రివ్యూను ఆ క్షణమే తీసేయకండి, కోపంతో మీరే జవాబు కూడా రాయకండి. నోటీసును, రివ్యూను, ఆధారాల వరుసను తీసుకుని అందులో ఇచ్చిన గడువులోపే న్యాయవాది దగ్గరికి వెళ్లండి. ఇలాంటి చాలా నోటీసుల్లో "తప్పుడు, నిరాధార, పరువుకు భంగం కలిగించే రాతలు" అన్న సాధారణ మాటలే ఉంటాయి, ఫలానా వాక్యం తప్పు అని ఉండదు. రివ్యూ ఈ పద్ధతిలో రాసి ఉంటే, ఏ తేదీ తప్పో, ఏ వాక్యం అబద్ధమో పేర్కొనమని, దానికి ఆధారం పంపమని న్యాయవాది చేత అడిగించవచ్చు.